నీ పన్నెండు ముక్కలూ, ఒక్క మెయిలూ

విశాఖపట్నం,
జూలై 14.

ఒరేయ్ మావా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ముక్కలు అందాయి. "వీటిని కాస్త మర్యాదగా మెయిల్ చేసి పెట్టు, నేను రాస్తే గొడవైపోద్ది" అన్నావు. నిన్న సాయంత్రం మధురవాడ వెళ్లి ఇల్లూ, మేడ పైనా చూసొచ్చాకే రాయడానికి కూర్చున్నాను. పిన్ని టీతో పాటు నీ మీద ఫిర్యాదులు కూడా ఇచ్చారు. అవి బిల్డర్‌కి పంపేవి కావు కాబట్టి ఫోన్లో చెప్తాను.

నువ్వు పంపిన వరసలోనే నీ ముక్కల్ని ఒకసారి చూసుకో:

– పెద్ద బెడ్‌రూమ్ స్లాబ్ కారుతోంది
– ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తరు
– 64 లక్షలు పోశాం
– పోయినేడు కూడా ఇంతే, ఇంజనీరొచ్చి ఏదో పూసి పోయాడు
– లిఫ్ట్ మాటిమాటికీ ఆగిపోతోంది
– అమ్మకి ఆయాసం, చెమ్మ పడదు
– వాటర్‌ప్రూఫింగ్ మొత్తం మళ్లీ చెయ్యాలి
– బాత్రూమ్ కుళాయి లీకు
– రెరాకి వెళ్తామని బెదిరించాలి
– పక్కా మోసగాళ్లు
– తాళాలు 2022 ఆగస్టులో ఇచ్చారు
– తుఫాన్లు రాకముందే అయిపోవాలి

ఇది నీకు కోపం వచ్చిన వరస. ఫోన్ ఎత్తలేదన్న మంట ఇంకా చల్లారలేదు కాబట్టి అది రెండో ముక్కలోనే వచ్చేసింది. తాళాలిచ్చిన తేదీ నీకు పాత సంగతి, అందుకే అడుక్కి పోయింది. మెయిల్ చదివేవాడికి మాత్రం ఆ తేదీయే ముఖ్యం.

అసలు ఆ మెయిల్ ముందు ఎవరు తెరుస్తారో ఆలోచించు. బిల్డర్ తెరవడు. ఆఫీసులో కస్టమర్ల ఫిర్యాదులు చూసే అమ్మాయో అబ్బాయో తెరుస్తారు. వాళ్లకి స్లాబు గురించి ఏమీ తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. ఏ ప్రాజెక్టు, ఏ ఫ్లాటు, ఏం సమస్య, ఎవరికి పంపాలి, ఇవే చూసి సైట్ ఇంజనీరుకి ఫార్వర్డ్ చేస్తారు. ఇంజనీరు సైట్లో నిలబడి ఫోన్లో చదువుతాడు. అంటే సబ్జెక్టు లైనూ మొదటి రెండు వాక్యాలూ ఆఫీసు వాళ్ల కోసం, మధ్యది ఇంజనీరు కోసం, చివర్లో అడిగేది ఇద్దరి కోసం. వరస అక్కడే తేలిపోయింది.

ఇక కోత. కుళాయి పూర్తిగా తీసేశాను. ప్లంబర్‌ని పిలిస్తే ఒక వాషరు మార్చి పోతాడు. అది ఉంటే ఏమవుతుందో తెలుసా? రేపే ఒక మనిషొచ్చి కుళాయి బిగించి, "కంప్లయింట్ అటెండ్ అయ్యాం" అని మెయిల్ పెడతారు. స్లాబు అలాగే ఉంటుంది, రికార్డులో మాత్రం నీ ఫిర్యాదు మూతపడిపోద్ది. ఒక మెయిల్లో ఒక పెద్దదీ ఒక చిన్నదీ పెడితే చిన్నదే అవుతుంది. లిఫ్ట్ కూడా అందుకే తీసేశాను. అది నీ ఒక్కడి సొత్తు కాదు, అసోసియేషన్ తరఫున వెళ్లాలి, చూసే మనిషి కూడా వేరు. సెక్రటరీ గారితో నిన్న మాట్లాడాను, విడిగా రాస్తామన్నారు.

64 లక్షలు తీసేశాను. అమ్మినవాడికి తెలియని లెక్కా అది? మోసగాళ్లన్న మాట సంగతి నీకూ తెలుసు, నాతో అనుకోడానికే రాసుంటావు.

ఫోన్ సంగతి మాత్రం పూర్తిగా తీయలేదు. "ఎన్నిసార్లు చేసినా ఎత్తరు" అంటే అవతలివాళ్లు తమను తాము సమర్థించుకునే పనిలో పడతారు. "ఫోన్‌లో మాట్లాడటం వీలు కానందున మెయిల్ రాస్తున్నాను" అంటే విషయం అదే, తప్పు ఎవరిదన్న ఊసు లేదు. పిన్ని ఆయాసం దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. తీసేస్తే తొందర ఎందుకో తెలీదు. ఆస్పత్రి, మందులు అంటూ వివరంగా రాస్తే జాలి కోసం రాసినట్టుంటుంది, పైగా ఆ మెయిల్ ఎంతమంది చేతులు మారుతుందో మనకి తెలీదు. సగం వాక్యం ఉంచాను, చూస్తావుగా.

తీసేసింది ఇంత ఉంటే కలిపింది కూడా ఉంది. "స్లాబ్ కారుతోంది" అంటే ఇంజనీరుకి ఏమీ చెప్పినట్టు కాదు. బాత్రూమ్ పైపు నుంచా, బయట గోడ పగులు నుంచా, మేడ మీద నుంచా? నీది పై అంతస్తు కాబట్టి పైన ఇంకొకళ్ల బాత్రూమ్ లేదు, అది ఒక ఆధారం. పిన్నిని అడిగితే ఇంకోటి దొరికింది. వాన పడుతుండగా కారదట, కొన్ని గంటలు పోయాక మొదలై, వాన ఆగిన మర్నాడు కూడా చుక్కలు పడతాయట. పైకెక్కి చూస్తే సరిగ్గా ఆ గది మీదే, వాన నీళ్లు పోయే గొట్టం నోటి దగ్గర, నీళ్లు మడుగు కట్టి ఉన్నాయి. వాలు అటు సరిగ్గా లేదని నాకనిపించింది. కానీ మెయిల్లో "వాలు తప్పు" అని రాయలేదు, "నీళ్లు నిలుస్తున్నాయి" అని మాత్రమే రాశాను. చూసింది రాస్తే కాదనలేరు. కారణం మనమే తేల్చేస్తే అది తప్పని నిరూపించడంలో నెల గడిపేస్తారు.

"వాటర్‌ప్రూఫింగ్ మొత్తం మళ్లీ చెయ్యాలి" అన్నది అందుకే మార్చాను. ముందు పరీక్ష అడుగుదాం. గొట్టం నోరు మూసి మేడ మీద ఒకట్రెండు రోజులు నీళ్లు నిలిపి కింద చూస్తారు, అది వాళ్లకి కొత్తేం కాదు. పైగా తడి స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ పూత సరిగా పట్టదు, వానలు తెరిపివ్వాలి. "వెంటనే చెయ్యండి" అంటే "వర్షాకాలం అండీ" అని ఒక్క ముక్కలో తప్పించుకుంటారు. అందుకని తనిఖీకి దగ్గర తేదీ, పనికి అక్టోబరు లోపు అని రెండు గడువులు పెట్టాను. అక్టోబరు ఎందుకో వైజాగ్ వాళ్లకి చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మనం ఎలా ఉన్నామో వాళ్లూ అలాగే ఉండుంటారు.

ఇక రెరా. ఆ రియల్ ఎస్టేట్ చట్టం నీ వైపే ఉంది. 2016 నాటి ఆ చట్టంలో 14వ సెక్షన్ ప్రకారం, స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు నిర్మాణంలో గానీ పనితనంలో గానీ లోపం బయటపడి బిల్డర్‌కి తెలియజేస్తే, 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. నీకు ఆ ఐదేళ్లు 2027 ఆగస్టు దాకా ఉన్నాయి. బెదిరించాల్సిన అవసరమే లేదు, తేదీ రాస్తే లెక్క వాళ్లే వేసుకుంటారు. సెక్షన్ పేరు ఒక్కసారి, చరిత్ర చెప్పాక, గొంతు పెంచకుండా వస్తుంది. మొదటి వాక్యంలోనే పెడితే మెయిల్ ఇంజనీరుకి బదులు వాళ్ల లాయర్‌కి వెళ్తుంది. అలా వెళ్లే రోజు రావచ్చు కానీ ఇవాళ వద్దు.

ఇదిగో మెయిల్:

సబ్జెక్టు: ఫ్లాట్ 504, బి బ్లాక్ – పడకగది స్లాబు నుంచి నీటి కారుదల – తనిఖీ కోసం

నమస్కారం.

బి బ్లాక్ 504 ఫ్లాటు యజమానిని. మా పెద్ద పడకగది స్లాబు నుంచి వర్షపు నీరు కారుతోంది. మీ ఇంజనీరు గారు ఒకసారి వచ్చి చూడాలని కోరుతున్నాను. ఫోన్‌లో మాట్లాడటం వీలు కానందున మెయిల్ రాస్తున్నాను.

వర్షం మొదలైన కొన్ని గంటలకు గది తూర్పు మూలలో చుక్కలు పడటం మొదలై, వర్షం ఆగిన మర్నాడు కూడా కొనసాగుతోంది. మాది పై అంతస్తు. ఆ గదికి సరిగ్గా పైన, వాన నీటి గొట్టం దగ్గర నీరు నిలుస్తోంది. ఫోటోలు జతచేశాను.

గత వర్షాకాలంలో ఇదే సమస్య వచ్చినప్పుడు మీ ఇంజనీరు గారు వచ్చి పూత వేయించారు. ఆ తర్వాత కొన్ని నెలలు కారలేదు. ఈ జూన్ వర్షాలకు అదే చోట మళ్లీ మొదలైంది. ఫ్లాటు మాకు 2022 ఆగస్టులో స్వాధీనం చేశారు కనుక, ఇది రెరా చట్టం 14వ సెక్షన్‌లోని ఐదేళ్ల గడువులోకే వస్తుందని భావిస్తున్నాను.

దయచేసి ఈ నెల 22 లోపు తనిఖీకి ఒక తేదీ తెలియజేయగలరు. మేడపై నీరు నిలిపి పరీక్షిస్తే కారణం స్పష్టమవుతుందనుకుంటున్నాను. మరమ్మతు వానలు తెరిపిచ్చినప్పుడు, అక్టోబరు లోపు పూర్తయితే మేలు. చెమ్మ పడని మా అమ్మగారు ఆ గదిలోనే ఉంటున్నారు. ఆమె రోజంతా ఇంట్లోనే ఉంటారు, వచ్చే ముందు నాకు ఒక్క ఫోన్ చేస్తే చాలు.

ధన్యవాదాలతో,

కింద నీ పేరు, ఫోన్ నంబరు పెట్టుకో. ఇంగ్లీషులో పంపుతానంటే నీ ఇష్టం, వరస మాత్రం కదపకు.

ఒక్క వాక్యం మళ్లీ చూడు. నీ ముక్కల్లో "ఏదో పూసి పోయాడు" అని ఉంది కదా. "పూత వేయించారు, ఆ తర్వాత కొన్ని నెలలు కారలేదు" అన్నాను. వచ్చినందుకు ఆ మనిషికి గౌరవం దక్కింది. ఆ పూత సరిపోలేదన్న సంగతీ కాగితం మీదికొచ్చింది, ఈసారి మళ్లీ అదే పూతతో సరిపెడతామంటే వాళ్లకే ఇబ్బంది. మర్యాద అంటే "సవినయంగా మనవి చేసుకుంటున్నాను" లాంటివి నాలుగు చోట్ల చల్లడం అనుకునేవాళ్లున్నారు. మా ఆఫీసుకి అలాంటివి రోజూ వస్తాయి, ఏం కావాలో మూడో పేరాలో గానీ తెలీదు. ఇందులో "దయచేసి" ఒక్కటే ఉంది, అదీ అడిగే చోట.

నువ్వు పంపిన ఫోటోలు ఐదూ వద్దు. మూల ఒకటి, దూరం నుంచి గది మొత్తం ఒకటి, నేను తీసిన మేడ ఫోటో ఒకటి చాలు. ఫైల్ పేర్లు కూడా మార్చు, ఆ అంకెల పేర్లతో పంపితే ఏది ఎక్కడిదో వాళ్లకి అర్థం కాదు.

పంపాక జవాబుగా మెయిల్ రాకపోవచ్చు, ఫోనే రావచ్చు. ఫోన్లోనే చేసేద్దాం అంటే వాళ్లకి కాగితం ఉండదు కదా. మాట్లాడు, బాగానే మాట్లాడు. పెట్టేశాక అదే మెయిల్ కిందే "ఇప్పుడు ఫోన్‌లో అనుకున్నట్టు ఫలానా రోజు వస్తున్నారు, ధన్యవాదాలు" అని రెండు లైన్లు కొట్టు. 22 దాటినా ఏమీ రాకపోతే కొత్త మెయిల్ మొదలెట్టకు, ఇదే మెయిల్ కింద తేదీ గుర్తుచేస్తూ రాయి. అప్పుడు 30 రోజుల మాట కూడా తెద్దాం.

ఇంజనీరు ఆదివారం తప్ప ఏ రోజు వచ్చినా సాయంత్రం నాలుగు తర్వాతైతే నేను వెళ్లగలను. మేడ తాళం వాచ్‌మన్ దగ్గరుంది, పిన్నిని మెట్లెక్కనివ్వకు.

ఉంటా మరి.