పచ్చ దీపం ఆరినా కరెంటు ఆగలేదు: మీ సర్జ్ ప్రొటెక్టర్ బోర్డుపై ఫిర్యాదు

కస్టమర్ సేవా విభాగం అధికారి గారికి,

విషయం: కాలిపోయిన సర్జ్ ప్రొటెక్టర్ బోర్డు, ల్యాప్‌టాప్ అడాప్టర్‌లకు పరిహారం నిరాకరించడం గురించి.

అయ్యా,

మార్చిలో 1,450 రూపాయలు పెట్టి మీ ఆరు సాకెట్ల బోర్డు కొన్నాను. మే 11 రాత్రి అదీ, దానికి తగిలించిన ల్యాప్‌టాప్ అడాప్టరూ కాలిపోయాయి. వారంటీ అడిగితే "అధిక వోల్టేజి మా పరిధిలోకి రాదు" అని ఒక్క వాక్యం రాసి బోర్డును వెనక్కి పంపారు. అదే వాక్యం పెట్టె మీద ముద్రించి ఉంటే నేను కొనేవాణ్ణే కాదు. అక్కడ ఉన్నది "వోల్టేజి హెచ్చుతగ్గుల నుంచి సంపూర్ణ రక్షణ" అన్న మాట.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. వేసవిలో రోజుకు నాలుగైదు సార్లు కరెంటు పోతుంది. మీ బోర్డు కొనక ముందు నాకొక అలవాటు ఉండేది. కరెంటు పోగానే అడాప్టర్ ప్లగ్గు పీకేసి బ్యాటరీ మీద పని చేసుకునేవాణ్ణి. కరెంటు వచ్చాక ఐదు నిమిషాలు నిలకడగా ఉందని చూసుకుని మళ్ళీ ప్లగ్గు పెట్టేవాణ్ణి. ఊళ్ళోని ఫ్రిజ్‌లూ మోటార్లూ ఒక్కసారిగా అందుకునేది కరెంటు తిరిగి వచ్చిన క్షణంలోనే కాబట్టి, వోల్టేజి ఎక్కువగా ఊగేదీ అప్పుడే. బ్యాటరీ రెండు గంటలు ఆగుతుంది, పనికి ఇబ్బంది లేదు. మీ పెట్టె మీది మాట నమ్మి ఆ అలవాటు మానేశాను. నా అసలు బాధ ఇదే.

ఆ రాత్రి గాలివానకు స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ తెగిపోయింది. న్యూట్రల్ లేకపోతే వేర్వేరు ఫేజుల మీద ఉన్న ఇళ్ళు ఒకదాని వెనుక ఒకటి వరుసలో కలిసినట్టవుతుంది. వాడకం తక్కువగా ఉన్న ఇంటికి వోల్టేజి ఎక్కువ వస్తుంది, 230 రావలసిన చోట 400 దాకా కూడా ఎక్కవచ్చు. కరెంటు రాగానే దేవుడి గదిలో పాత గుండు బల్బు కళ్ళు చెదిరేలా వెలిగింది. ఎదురింట్లో మాత్రం బల్బు ఎర్రగా మిణుకుమంటోంది. నిమిషం తిరగకముందే మీ బోర్డు నుంచి కమురు వాసన వచ్చింది. పచ్చ దీపం ఆరిపోయింది. తర్వాత కొన్ని క్షణాలకు అడాప్టర్ టప్పున పేలింది. పరుగెత్తి మెయిన్ ఆపాను. ఎలక్ట్రీషియన్ వచ్చి మీటరు పెడితే 318 వోల్టులు చూపింది.

మీరు వెనక్కి పంపాక బోర్డును అతనితోనే విప్పించాను. లోపల మూడు వేరిస్టర్ బిళ్ళలు ఉన్నాయి, ఒకటి మాడి బొగ్గయింది. పిడుగు వల్లనో, స్విచ్చింగ్ వల్లనో సెకనులో లక్షో వంతు కాలం వచ్చే పోటును మింగడమే ఆ బిళ్ళ పని. నిమిషాల తరబడి నిలిచే అధిక వోల్టేజిని అది మింగలేదు, వేడెక్కి మాడిపోతుంది. అప్పుడు లోపలి ఫ్యూజు బిళ్ళను మాత్రమే విడదీసింది. సాకెట్లకు కరెంటు యథాతథంగా పోతూనే ఉంది. అంటే కాపలా పడిపోయిందని చెప్పడానికి ఆ చిన్న దీపం ఆరడమే గుర్తు. బల్ల కింద ఉన్న బోర్డును రాత్రిపూట ఎవరు వంగి చూస్తారు?

అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టుల వరకు అని రాసి ఉంది. వోల్టేజి తగ్గినా అది సర్దుకుంటుంది, కాబట్టి దానికి స్టెబిలైజర్ అవసరం లేదు. చంపేది ఎక్కువ వోల్టేజే. 230 వోల్టుల కరెంటు లోపలి కెపాసిటర్ దగ్గర సుమారు 325 అవుతుంది. 318 అయితే దాదాపు 450. నా అడాప్టర్‌లో పేలిన కెపాసిటర్ మీద అది తట్టుకునే హద్దు 400 వోల్టులని అచ్చు వేసి ఉంది. అదృష్టవశాత్తు దెబ్బ అడాప్టర్‌తో ఆగింది, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది.

ఇలాంటి చోట పనికొచ్చేది వోల్టేజి 270 దాటగానే లైనును తెంచేసి, మామూలు స్థితికి వచ్చి మూడు నిమిషాలు గడిచాక మళ్ళీ కలిపే పరికరం. అది మీ కేటలాగులోనే మరో పేజీలో ఉంది! కొనేవాడికి ఈ రెండింటికీ తేడా చెప్పవలసింది మీరు కాదా?

బోర్డు ధర 1,450 రూపాయలు, కొత్త అడాప్టర్‌కు అయిన 3,200 రూపాయలు తిరిగి ఇవ్వండి. పెట్టె మీద "సంపూర్ణ రక్షణ" అన్న మాట తీసేసి, నిలిచి ఉండే అధిక వోల్టేజిని ఇది ఆపదనీ, దీపం ఆరితే బోర్డు మార్చాలనీ తెలుగులో ముద్రించండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తాను. తర్వాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, తప్పుదోవ పట్టించే ప్రకటన అని జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను.

మాడిన బిళ్ళను పారేయలేదు, కమిషన్‌కు చూపడానికి దాచి ఉంచాను.

ఇట్లు,
బిల్లులో పేరున్న కొనుగోలుదారు

జతపరిచినవి: బిల్లు నకలు, మీ తిరస్కరణ లేఖ, పెట్టె, బోర్డు, అడాప్టర్‌ల ఫొటోలు, ఎలక్ట్రీషియన్ రాసిచ్చిన చీటీ