ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ డబ్బా మీది రాతలపై ఫిర్యాదు

వినియోగదారుల విభాగం అధికారికి,

విషయం: చర్మం కమలడాన్నీ, ఏటేటా తిరగబెట్టే ఎండ దద్దురునూ ఒకటిగా చూపి అమ్మడం.

అయ్యా,

గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో తునికాకు కల్లాల దగ్గర పనిచేసే ఆరోగ్య కార్యకర్తలం. మీ 30 గ్రాముల ట్యూబు డబ్బా మీద ‘కమలడానికీ, ఎండ దద్దుర్లకూ పూర్తి రక్షణ’ అని ఉంది. ఇది తప్పుదారి పట్టించే రాత.

చర్మం కమలడం ముఖ్యంగా ఎండలోని యూవీబీ కిరణాల పని. ఎండ తగిలిన కొన్ని గంటలకు మంట మొదలై, ఒక రోజులోపు ముదిరి, తర్వాత తగ్గి పొట్టు లేస్తుంది. నల్లని ఒంటి మీద ఎరుపు సరిగా కనపడదు, ముట్టుకుంటే వేడి, నొప్పి తెలుస్తాయి. బొబ్బలు లేచినా, జ్వరం, వాంతులు వచ్చినా అది క్రీముతో పోయేది కాదు, దవాఖానకు పోవాలి. ఈ మాట మీ డబ్బా మీద ఎక్కడా లేదు.

దద్దురు దారి వేరు. దాన్ని ఎక్కువగా రేపేది ఎండలోనే ఉండే మరో రకం కిరణాలు, యూవీఏ. వేసవి మొదట్లో ఎండలో తిరిగిన కొన్ని గంటలకో, మరునాడో గుండుసూది తలంత పొక్కులు లేచి విపరీతంగా దురద పెడతాయి. ఏటా అవే చోట్లు: మెడ వెనక, గొంతు కింద, ముంజేతుల పైభాగం. చెమటకాయలైతే బట్ట కింద లేస్తాయి, ఇవి బట్ట లేనిచోట లేస్తాయి. తునికాకు తెంపే ఆడవాళ్ల చేతులు చూడండి: జాకెట్ చేతులు కప్పిన మేర చర్మం నున్నగా ఉంటుంది, దాని అంచు దాటగానే పొక్కులు. ఏడాది పొడుగునా ఎండ చూసే ముఖానికి చాలామందిలో ఏమీ కాదు.

ఎస్‌పీఎఫ్ అంకె కొలిచేది కమలడాన్నే. యూవీఏ రక్షణ తెలియాలంటే పీఏ గుర్తు, దాని పక్కన ప్లస్సులు ఉండాలి. మీ డబ్బా మీద అవి లేవు. క్రీము రాసుకున్న మనిషి చర్మం కమలదు. మంట లేదు కదా అని ఇంకాసేపు ఎండలోనే ఉంటుంది. ఆ అదనపు సమయమంతా యూవీఏ తగిలి దద్దురు లేస్తుంది.

ఇక మోతాదు. ‘బఠాణీ గింజంత చాలు’ అని రాశారు. ఎస్‌పీఎఫ్ పరీక్షలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూస్తారు. ఆ లెక్కన ముఖం, మెడకు సుమారు 3 గ్రాములు, ఒక్కో చేతికి మరో 3. అంటే ఒకసారికి 9 గ్రాములు, మూడు పూతలకే ట్యూబు దాదాపు ఖాళీ. చెమట పట్టే పనిలో రెండు గంటలకోసారి మళ్లీ పూయాలి. బఠాణీ గింజంత పూస్తే 50 అంకె ఒంటిమీద నిలవదు. కూలి డబ్బు పెట్టి కొనేవాళ్లకు ఈ లెక్క ముందే తెలియాలి. తెలిస్తే చాలామంది ఆ డబ్బుతో నిండు చేతుల చొక్కా కొనుక్కుంటారు, దద్దురుకు అదే మేలు.

మా కోరికలు: ‘దద్దుర్లకు పూర్తి రక్షణ’ మాట తీసేయండి. యూవీఏ పరీక్ష చేయించి పీఏ గుర్తు వేయండి, చేయించకపోతే ఆ సంగతే రాయండి. మోతాదును గ్రాముల్లో, మరాఠీతో పాటు తెలుగులోనూ అచ్చువేయండి. ఈ రాతలు నమ్మి కొన్నవాళ్లకు దుకాణంలోనే డబ్బు వాపసు ఇప్పించండి.

15 రోజుల్లో రాతపూర్వక జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాం. డబ్బా ఫొటోలు, బిల్లుల నకళ్లు జతపరిచాం.

ఇట్లు,
తునికాకు కల్లాల ఆరోగ్య కార్యకర్తలు, సిరొంచ తాలూకా