పేరు చెప్పకుండా వెళ్లిపోయిన పెద్దమ్మకు

పేరు అడగడం కుదరలేదు పెద్దమ్మా, అందుకే ఇక్కడ రాస్తున్నా. మొన్న మిర్యాలగూడ దగ్గర పెళ్లిలో వెయ్యి మందికి వంట నాదే. రాత్రి రెండున్నరకే లేచి గాడిపొయ్యి అంటించాను, కూరలు, పప్పుచారు అయ్యేసరికి తెల్లారింది, తొమ్మిదింటికి ముహూర్తం కాగానే భోజనాలు కాబట్టి మొదటి గుండిగలో పాతిక కిలోల నానిన బియ్యం వేసి ఎప్పటిలాగే గంజి వార్చాను. పది నిమిషాలకు చూస్తే అంతా ముద్ద. పాత బియ్యమని చెప్పి ఇచ్చారు, నేను చూసుకోలేదు. ఇంకా మూడు గుండిగలు వండాలి, టెన్షన్‌తో చేతులు ఆడలేదు.

టీ కోసం వచ్చిన మీరు నాలుగు గింజలు నమిలి "కొత్తవి బిడ్డా, పండ్లకు అంటుతున్నయ్" అన్నారు. మిగతా బియ్యం నానబెట్టనివ్వలేదు. ఎసరు తెర్లాకే పోయించారు, మెతుకు నలిపితే మధ్యలో తెల్లటి పలుకు ఇంకా గట్టిగా ఉండగానే వార్పించారు, ఎందుకంటే కొత్త బియ్యం దించాక కూడా తన వేడికే మెత్తబడుతుంది. మూత పెట్టబోతే ఆపి, ఉతికిన తెల్లగుడ్డల మీద పల్చగా పరిపించి ఆవిరి పోనిచ్చారు. ఆ 75 కిలోలూ పొడిపొడిగా వచ్చాయి! ముద్దయిన అన్నం పారబోయకుండా పెరుగన్నం చేయించి, తాలింపు మీ చేత్తోనే వేశారు.

మొదటి బంతి లేచాక మీకోసం పందిరంతా వెతికాను, బస్సుకు వెళ్లిపోయారని చెప్పారు. మీరు అన్నం తిన్నారో లేదో కూడా తెలియదు. దండం పెద్దమ్మా.