ఆఖరి లైను తప్ప ప్రశ్నంతా మింగేసే మీ యాప్ గురించి

కస్టమర్ విభాగం మేనేజర్ గారికి,

మా అమ్మాయి పదో తరగతి. పాఠాల్లో సందేహాలు తీర్చే మీ యాప్‌కు మూడేళ్లుగా చందా కడుతున్నాం, ఒక్కసారీ ఆలస్యం చేయలేదు. అలాంటి మమ్మల్ని పన్నెండు రోజులుగా తిప్పుతున్నారు.

శ్రేఢుల పాఠంలో ఒక సందేహాన్ని పాప మూడు లైన్లలో టైప్ చేసింది. మొదటి లైను "ఒక గుణశ్రేఢి", రెండోది "4, 12, 36, ...", మూడోది "ఎన్నో పదం 2916?". మీ టీచరుకు చేరింది మూడో లైనొక్కటే. "ప్రశ్న పూర్తిగా పంపండి" అని జవాబొచ్చింది. పూర్తిగానే పంపాం కదా! మళ్లీ పంపితే మళ్లీ అదే జవాబు. ఆ ఒక్క లైనుతో ఎవరైనా ఏం చెప్తారు? 4తో మొదలైతే 2916 ఏడో పదం, 12, 36, 108 అని మొదలైతే ఆరో పదం.

మీ కాల్ సెంటరుకు ఫోన్ చేశాను. మొదటి అమ్మాయి యాప్ తీసేసి మళ్లీ వేసుకోమంది. రెండో ఆయన నలభై నిమిషాలు లైన్లో ఉంచి పెట్టేశాడు. మూడో ఆయన "నేనే టైప్ చేస్తాను, చెప్పండి మేడమ్" అంటే ప్రాణం లేచొచ్చింది. ఆయన కొట్టింది "4, 12, ... ఎన్నో పదం 2916?" అని. గుణశ్రేఢి అన్న మాట లేదు, 36 లేదు. జవాబు 365 అని వచ్చింది.

ఆ టీచరును నేను తప్పుపట్టను. రెండు పదాలే ఇస్తే తేడా 8 అనుకుని అంకశ్రేఢిగా చేయొచ్చు. 2916లోంచి 4 తీసేసి 8తో భాగిస్తే 364, ఒకటి కలిపితే 365. మూడో పదం ఉంటేనే తేలుతుంది: 36లోంచి 12 పోతే 24, అది 8 కాదు. 36ని 12తో భాగించినా, 12ని 4తో భాగించినా 3 వస్తుంది. 2916ని 4తో భాగిస్తే 729, అంటే ఆరు మూళ్ల లబ్ధం. మొదటి పదం తర్వాత ఆరుసార్లు 3తో గుణించాలి కాబట్టి జవాబు 7.

ఇది చెప్పబోతే మీ సూపర్‌వైజరు "జవాబు ఇచ్చేశాం కదా, ఫిర్యాదు మూసేశాం" అన్నారు. పాప పక్కనే ఉండి వింది. పరీక్షలో 365 అని రాసొస్తే మార్కులు మీరు తెచ్చిస్తారా?

ఇంకోటి. 2, 2√2, 4 అని పంపితే మీ దగ్గర 2, 22, 4 అయింది. వర్గమూలం గుర్తు నిలవకపోతే పిల్లలు 2*sqrt(2) అని కొట్టాలని ప్రశ్న టైప్ చేసే పెట్టె పక్కనే రాయండి. శ్రేఢి పేరు, కనీసం మూడు పదాలు, అడిగేది, అన్నీ ఒకే లైన్లో ఉండాలని కూడా రాయండి. అంతకంటే ముందు, మూడు లైన్లు కొడితే మూడూ చేరేలా చేయండి.

వారంలో బాధ్యత గల మనిషి ఫోన్ చేయాలి. చేయకపోతే మిగిలిన చందా వెనక్కి అడుగుతాను, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అవసరమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. మీ వాళ్ల మెసేజ్‌లన్నీ దాచి ఉంచాను.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి, ఖమ్మం