వ్యాస సంపుటాల విషయసూచికలు బయట పెట్టండి

సంపాదకుడు గారికి,

మా కోనసీమలో సాయంత్రం పూట శాఖా గ్రంథాలయానికి వచ్చేవాళ్లకు అరగంట, మహా అయితే ముప్పావుగంట తీరిక. పేపర్లు తిరగేశాక కాస్త ఆలోచన పెట్టే పుస్తకం ఏదైనా చదవాలనిపిస్తుంది. నాలుగొందల పేజీలు ఒకే వాదన నడిచే పుస్తకం పట్టుకుంటే మళ్లీ వారం వచ్చేసరికి మొదట్లో ఏం చెప్పారో గుర్తుండదు. ఇలాంటివారికి కావలసినవి వ్యాస సంపుటాలు. అవి బీరువాల్లో ఉన్నాయి, కానీ ఎవరి కంటా పడవు.

పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలు వేసే డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్య వ్యాసాలకు 894.8274 అంకె ఉంది. సంగీతం మీద రాసిన వ్యాసాలు మాత్రం 780కి, ఆర్థిక వ్యాసాలు 330కి వెళ్లిపోతాయి. ఆ పద్ధతిని తప్పు పట్టలేం. అందుకే అన్నిటినీ ఒక్క అరలో సర్దమని నేను అడగడం లేదు. చిక్కంతా రిజిస్టరులో ఉంది. అందులో పుస్తకం పేరు, రచయిత, వెల ఉంటాయి. ‘వ్యాసాలు, రెండో సంపుటం’ అన్న పేరు చూసి లోపల ఏముందో ఎలా తెలుస్తుంది?

పానుగంటి లక్ష్మీనరసింహారావు గారి ‘సాక్షి’నే తీసుకోండి. ఇంగ్లండులో 1711లో మొదలైన ‘స్పెక్టేటర్’ పత్రిక తరహాలో ఆయన ఒక సంఘాన్ని కల్పించి, అందులోని జంఘాలశాస్త్రి చేత ఉపన్యాసాలు చెప్పించారు. పత్రికల్లో విడివిడిగా వచ్చినవి కనుక దేనికదే పూర్తి. సంఘం సభ్యులెవరో తెలియడానికి మొదటి వ్యాసం చదివితే చాలు, ఆ తర్వాత ఎక్కడైనా తెరవచ్చు. అయితే వరసగా నాలుగు చదివితే విసుగొస్తుంది. ఒకే మాటను పది రకాలుగా తిప్పి చెప్పే ఆ ధోరణి వారానికొకటి చదివేవారికి హుషారుగా ఉంటుంది గానీ ఒకే బిగిన చదివితే భారమే. విషయసూచిక ముందే చేతికొస్తే పాఠకుడు తనకు నచ్చిన పేరు చూసి ఆ ఒక్కటే చదువుకుంటాడు.

అందుకని, వ్యాస సంపుటాల విషయసూచిక పేజీలను జిరాక్సు తీయించి, పైన పుస్తకం అంకె వేసి, పేపర్లు పరిచే బల్ల మీద ఒక ఫైల్లో పెట్టించాలి. ఏవి చేర్చాలో తేల్చడం కష్టమేమీ కాదు. పుస్తకం మధ్యలో తెరిచి చూడాలి. వ్యాసం చివర పత్రిక పేరు, తేదీ ఉంటే అది సంపుటమే. ‘గత అధ్యాయంలో చెప్పినట్టు’ అని కనబడితే పైన వ్యాసాలని రాసి ఉన్నా అది ఒకటే పొడుగు వాదన, దాన్ని వదిలేయొచ్చు.

ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం, జిరాక్సు ఖర్చు అందులో లెక్కలోకే రాదు. అన్నట్టు, ఈ సంపుటాల్లో చాలావాటి మీద ‘రిఫరెన్సు’ ముద్ర కొట్టి ఇంటికి ఇవ్వడం లేదు. నిఘంటువుకు ఆ ముద్ర ఎందుకో అర్థమవుతుంది. పడుకునే ముందు ఒక్కొక్కటి చదువుకునే వ్యాసాలకు ఎందుకో జిల్లా గ్రంథాలయ సంస్థ చెప్పాలి.

— ఒక పాఠకుడు, అమలాపురం