డాలరుతో ముడి ఎక్కడ తెగుతుంది?

సంపాదకులకు నమస్కారం.

స్టేబుల్‌కాయిన్ల గురించి, అంటే డాలరు విలువకు ముడిపెట్టిన డిజిటల్ నాణేల గురించి, మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం, ప్రతి నాణేనికీ ఒక డాలరు నిల్వ ఉంటుంది కనుక దాని విలువ మారదన్న అభిప్రాయం కలిగించింది. నిల్వ ఉండి తీరాల్సిందే. అయితే నిల్వ చాలావరకు భద్రంగా ఉన్నప్పుడు కూడా ముడి తెగగలదని 2023 మార్చిలో యూఎస్‌డీసీ అనే నాణెం విషయంలో రుజువైంది. దాచుకున్న సొమ్మును వీటిలో పెట్టాలనుకునేవారికి ఆ సంగతి తెలియాలని ఈ లేఖ రాస్తున్నాను.

యూఎస్‌డీసీని జారీ చేసే సర్కిల్ సంస్థ, తన వద్ద ఖాతా ఉన్న వ్యాపార సంస్థల నుంచి డాలరు తీసుకుని నాణెం ఇస్తుంది, నాణెం తిరిగిస్తే డాలరు ఇస్తుంది. మనలాంటివారు కొనేది, అమ్మేది మాత్రం ఎక్స్ఛేంజీలనే ఆన్‌లైన్ మార్కెట్లలోనే. అక్కడ ధర 99 సెంట్లకు తగ్గితే, ఖాతా ఉన్న సంస్థ ఆ నాణేలను కొని, సర్కిల్‌కు ఇచ్చి, ఒక్కోదానిపై ఒక సెంటు లాభం తీసుకుంటుంది. ఆ కొనుగోళ్ల వల్లనే ధర మళ్లీ డాలరుకు చేరుతుంది. ధర డాలరు దాటితే కొత్త నాణేలు తెచ్చి అమ్ముతుంది. అంటే రోజువారీగా ధరను నిలబెట్టేది ఈ లాభాపేక్షే. నాణేన్ని ఇచ్చి డాలరు పుచ్చుకునే దారి తెరిచి ఉన్నంతవరకే అది పనిచేస్తుంది.

2023 మార్చి 10, శుక్రవారం అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు మూతపడింది. వడ్డీ రేట్లు పెరగడంతో అది కొన్న దీర్ఘకాలిక బాండ్ల విలువ పడిపోయింది, డిపాజిటర్లు ఒక్కసారిగా సొమ్ము వెనక్కి తీసుకోబోయారు. సుమారు 4,000 కోట్ల డాలర్ల తమ నిల్వలో 330 కోట్లు ఆ బ్యాంకులోనే ఉన్నాయని ఆ రాత్రి సర్కిల్ ప్రకటించింది. లెక్క వేసి చూడండి: ఆ సొమ్ములో ఒక్క పైసా తిరిగి రాకపోయినా, ఒక్కో నాణెం వెనుక ఇంకా 92 సెంట్ల దాకా మిగులుతుంది. అయినా శనివారం ధర 88 సెంట్ల కంటే దిగువకు వెళ్లింది.

కారణం వారాంతపు సెలవు. నాణేల వ్యాపారం శని, ఆదివారాల్లోనూ సాగుతుంది కానీ బ్యాంకులు పనిచేయవు. పెద్ద ఎక్స్ఛేంజీ అయిన కాయిన్‌బేస్ యూఎస్‌డీసీని డాలర్లుగా మార్చడాన్ని సోమవారం దాకా ఆపింది. 90 సెంట్లకు కొన్నవారు తమ డాలరు కోసం సోమవారం దాకా వేచి ఉండాలి, అప్పటికి ఏమవుతుందో తెలియదు. అందుకే ధర మరింత తగ్గితే తప్ప కొనడానికి ఎవరూ ముందుకు రాలేదు. తన పూచీకత్తులో పెద్ద భాగాన్ని యూఎస్‌డీసీలోనే ఉంచుకున్న డై అనే మరో నాణెం కూడా దానితోపాటే పడిపోయింది. ఆదివారం సాయంత్రం, ఆ బ్యాంకు డిపాజిటర్లందరికీ పూర్తి సొమ్ము ఇస్తామని అమెరికా ప్రభుత్వం ప్రకటించాకే ధర కోలుకుంది. అంటే ఆనాడు ముడిని తిరిగి బిగించింది ప్రభుత్వ హామీయే.

2022 మేలో కుప్పకూలిన టెర్రా యూఎస్‌డీ అనే మరో స్టేబుల్‌కాయిన్ కథ వేరు. దాని వెనుక ఉన్నది ప్రధానంగా అదే వ్యవస్థ సృష్టించిన లూనా అనే మరో నాణెం. ఒక టెర్రా యూఎస్‌డీ ఇస్తే డాలరు విలువ చేసే కొత్త లూనా వచ్చేది. అందరూ ఒకేసారి మార్చుకోవడంతో లూనా ధర పడింది. ధర పడేకొద్దీ అదే డాలరుకు ఇంకా ఎక్కువ లూనా పుట్టించాల్సి వచ్చింది. కొద్ది రోజుల్లోనే లూనాల సంఖ్య సుమారు 35 కోట్ల నుంచి 6.5 లక్షల కోట్లకు పెరిగింది. అక్కడ మార్పిడి దారి తెరిచే ఉంది, దాని చివర ఇవ్వడానికి విలువైనదే లేకపోయింది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం పొరపాటు.

2025 జూలైలో అమెరికా స్టేబుల్‌కాయిన్లపై చేసిన జీనియస్ చట్టం ప్రకారం నిల్వలు నగదు, స్వల్పకాలిక ట్రెజరీ బిల్లుల వంటివాటిలోనే ఉండాలి, వాటి వివరాలు నెలనెలా వెల్లడించాలి. మంచి చట్టమే. కానీ బ్యాంకు డిపాజిట్లు కూడా నిల్వగా చెల్లుతాయి, వాటికి బీమా మామూలుగా రెండున్నర లక్షల డాలర్ల వరకే. అందుచేత ఏ సొమ్ము ఏ బ్యాంకులో ఎంత ఉందన్న ప్రశ్న ఇప్పటికీ అడగదగినదే.

మన దేశంలో ఈ నాణేలు కొనే సామాన్యుడికి జారీ సంస్థ వద్ద ఖాతా ఉండదు. అతని నాణెం డాలరుగానో రూపాయలుగానో మారాలంటే ఎక్స్ఛేంజీలో మరొకరు కొనాలి, ఆ రోజు వారు ఇచ్చిందే ధర. కనుక నాణేన్ని నేరుగా ఎవరు మార్చుకోగలరో, కనీస మొత్తం ఎంతో, ఎన్ని రోజులు పడుతుందో కొనుగోలు తెరపైనే తెలుగులో చూపేలా ఎక్స్ఛేంజీలను ప్రభుత్వం ఆదేశించాలి. మీరు కూడా ఇకపై ఇలాంటి వ్యాసాలలో నిల్వ ఎంత ఉందన్నదానితోపాటు ఈ మూడు వివరాలూ ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, హనుమకొండ