నాయనకు, మాత్రల సంగతి

నాయనా,

అమ్మ పంపిన కొత్త రిపోర్టు ఫోటో చూశాను. ఎల్‌డీఎల్, అదే చెడ్డ కొలెస్ట్రాల్, 158. ఉగాదికి ముందు చేయించినప్పుడు 94 ఉండింది. కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టక ముందు 162. ప్రొద్దుటూరులో ఇన్నేళ్లు బంగారం అంగట్లో లెక్కలు రాసినవాడివి, ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకొని చూడు.

94 వచ్చిందని, ఇక నార్మలే కదా అని ఆపేశావంట. ఆ 94 నీది కాదు నాయనా, మాత్రది. ఒంట్లో కొలెస్ట్రాల్ ఎక్కువ భాగం మనం తిన్నదాంట్లోంచి రాదు, కాలేయమే తయారుచేస్తుంది. నీ మాత్ర అటార్వాస్టాటిన్ ఆ తయారీని తగ్గిస్తుంది. అప్పుడు కాలేయం తనకు కావలసినదాన్ని రక్తంలోంచి లాక్కుంటుంది, అందుకే రిపోర్టులో అంకె పడిపోతుంది. మాత్ర ఆపితే కొన్ని వారాల్లోనే తయారీ మళ్లీ మామూలుగా సాగుతుంది. నువ్వు మటన్ మానేసి సంగటి, ఆకుకూరతో సరిపెట్టుకున్నా 94 దాకా తగ్గకపోవడానికి కారణం అదే. మానేసింది మంచిదే, కానీ దాని చేతనయ్యేది కొంతవరకే.

ఇక కాళ్ల నొప్పులు. ఆ మాత్ర కండరాలు తినేస్తుందని టీ అంగడి దగ్గర ఎవరో చెప్పారంట. పూర్తిగా అబద్ధమని నేను అనను. కొంతమందికి నొప్పులు వస్తాయి. వస్తే మాత్రం సాధారణంగా రెండు వైపులా, తొడల్లో, పిక్కల్లో వస్తాయి. మొదలుపెట్టిన మొదటి వారాల్లోనో నెలల్లోనో వస్తాయి, ఆపితే కొన్ని వారాల్లో తగ్గుతాయి. నీకు నొప్పి ఒక్క కుడి మోకాలికే, అదీ మెట్లెక్కేటప్పుడు. మాత్ర ఆపి ఇన్ని నెలలైనా అట్లే ఉందని నువ్వే అంటున్నావు. మరి ఆ నొప్పి మాత్రది ఎట్లా అవుతుంది?

ఇక్కడ లండన్‌లో జరిగిన ఒక పరీక్ష సంగతి చెప్తాను, 2020లో వివరాలు బయటికొచ్చాయి. నొప్పులూ అవీ వచ్చాయని ఈ రకం మాత్రలు మానేసిన 60 మందిని తీసుకున్నారు. ఏడాది పాటు ఒక నెల అసలు మాత్ర, ఒక నెల మందు లేని ఉత్తుత్తి మాత్ర, ఇంకో నెల ఖాళీ సీసా, ఇట్లా కలగలిపి ఇచ్చారు. ఏది అసలుదో, ఏది ఉత్తుత్తిదో వాళ్లకు తెలియదు. రోజూ ఎంత బాధగా ఉందో ఫోన్‌లో నూటికి ఇన్ని మార్కులని వేయమన్నారు. ఖాళీ సీసా నెలల్లో సగటున 8 వచ్చింది. అసలు మాత్రకు 16. ఉత్తుత్తి మాత్రకు కూడా 15 దాటింది! వాళ్లకు నొప్పి నిజంగానే ఉంది, కానీ చాలావరకు అది మాత్ర మింగుతున్నామన్న భయంతో వచ్చినది. ఎవరి మార్కులు వాళ్లకు చూపించాక సగం మంది మళ్లీ మొదలుపెట్టారు.

నిజంగా భయపడాల్సింది ఒకటుంది, చాలా అరుదు. ఒళ్లంతా కండరాలు పట్టేసి, లేవలేనంత నీరసంతో మూత్రం డికాషన్ రంగులో వస్తే మాత్ర ఆపి ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి. గొంతు నొప్పికో దగ్గుకో మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొనుక్కునే అలవాటు నీకుంది కదా, ఈ మాత్ర వేసుకుంటున్నానని ముందే చెప్పు. క్లారిత్రోమైసిన్ లాంటివి దీంతో కలిస్తే ఆ ప్రమాదం పెరుగుతుంది.

ఈ వారమే డాక్టరు దగ్గరికి పో. ఆపేసిన సంగతి దాచొద్దు. నాకు అసలు టెన్షన్ అదే. నువ్వు చెప్పకపోతే, 20 మిల్లీగ్రాములు పనిచేయడం లేదనుకొని ఆయన 40 రాస్తాడు. నిజం చెప్తే పాత 20తోనే సరిపోవచ్చు. నొప్పి అనుమానం ఉంటే అదీ చెప్పు. మోతాదు తగ్గించడమో, వేరే మాత్రకు మార్చడమో ఆయన చూస్తాడు.

రాత్రి వేసుకోమన్నారని టీవీ ముందు కునుకు తీసి మర్చిపోతావని అమ్మ అంటోంది. ఈ వర్గంలో కొన్ని పాత మాత్రలు రాత్రే వేసుకోవాలి గానీ, అటార్వాస్టాటిన్ ఒంట్లో చాలా సేపు ఉంటుంది, ఏ పూటైనా పరవాలేదు. పొద్దున బీపీ మాత్రతో కలిపి వేసుకోవచ్చా అని డాక్టరును అడుగు. బీపీ మాత్ర నువ్వు ఎన్నడూ మర్చిపోలేదు కదా. ఒకరోజు తప్పితే మరుసటి రోజు రెండు మింగొద్దు, ఒకటే.

మళ్లీ మొదలుపెట్టాక రెండు మూడు నెలలకు పరీక్ష చేయించి రిపోర్టు నాకు వాట్సాప్‌లో పెట్టు. మోకాలి సంగతి వేరే, దానికి ఎముకల డాక్టరుకు చూపించు. అంతవరకు అమ్మ వాడే నూనె రాసుకో, వాసన బాగలేదని వంక పెట్టకుండా.

నీ కూతురు